కాలవలో నీళ్లు ఎక్కడ ఇంకిపోతున్నాయి? ఇసుకలో ఒక లెక్క, రేగడిలో ఇంకో లెక్క

చెరువు తూము దగ్గర కాలవ నిండుగా పారుతుంటుంది, చివరి మడికి వచ్చేసరికి సగం కూడా కనబడదు. అప్పుడు ఊళ్లో అందరూ అనే మాట ఒకటే: "మొత్తం సిమెంటు వేసేయండి". ఆ మాట మీద డబ్బు ఖర్చుపెట్టే ముందు ఇది చదవండి. మా కాలవలో ఒక ముక్కకు ఒకసారి అలాగే వేయించి, రెండో వేసవికల్లా పలకలు లేచి పగిలిపోవడం చూశాం. రెండోసారి కొలిచి చేశాం. ఎలా కొలిచామో, ఎక్కడ లైనింగ్ వేశామో, ఎక్కడ వేయకుండా వదిలేశామో ఉన్నదున్నట్టు చెప్తాను.

మాది శ్రీకాళహస్తి వైపు, స్వర్ణముఖికి దగ్గరలో ఉన్న ఒక చెరువు ఆయకట్టు. తూము నుంచి వచ్చే కాలవ మొదట 400 మీటర్లు ఏటి ఇసుక మేటల మీదుగా వెళ్తుంది, ఆ తర్వాత 500 మీటర్లు నల్లరేగడిలో. అడుగు వెడల్పు అర మీటరు, నీళ్ల లోతు 30 సెంటీమీటర్లు, పక్కల వాలు ఒకటిన్నరకు ఒకటి, అంటే మీటరు ఎత్తుకు ఒకటిన్నర మీటరు పక్కకు. తూము దగ్గర సెకనుకు 50 లీటర్లు వస్తాయి. మీ కాలవ వేరే కొలతల్లో ఉండొచ్చు, కానీ లెక్క చేసే పద్ధతి ఇదే.

ముందు నడవండి

కాలవ ఎండిన రోజు ఒకసారి, పారే రోజు ఒకసారి చివరిదాకా నడవండి, వీలైతే మీ ఊరి నీరుగంటిని వెంట తీసుకెళ్లండి. మా పెద్దాయన నాతో నడుస్తూ గట్టు బయట పచ్చగా తుంగ మొలిచిన చోటల్లా కర్ర గుచ్చుకుంటూ పోయాడు. "నాయనా, కారేది కాలవలో కనబడదు, గట్టు అవతల కనబడుతుంది" అన్నాడు. ఎలుక బొరియలు, పీత బొక్కలు, ఎండిపోయిన తుమ్మ వేరు వదిలిన సొరంగం, ఇవన్నీ ఇంకుడు కాదు, కారుడు. వీటికి లైనింగ్ అక్కర్లేదు. బొరియ చివరిదాకా తవ్వి, తడి మన్ను పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొడితే చాలు. ఈ పని అవ్వకుండా కొలతలు తీస్తే బొరియలో పోయిన నీళ్లు కూడా ఇసుక తాగినట్టు లెక్కకొస్తాయి, కాబట్టి ముందు ఇదే చేయండి.

నడిచేటప్పుడే వంద మీటర్లకు ఒకచోట అడుగు నుంచి పిడికెడు మన్ను తీసి పొట్లాలు కట్టుకోండి, ఎక్కడిదో రాసిపెట్టుకోండి. రేగడి ఎక్కడ మొదలవుతుందో కంటికి కనబడుతుంది గానీ, ఎర్రమన్నులా కనిపిస్తూ ఉబ్బే మన్ను కూడా ఉంటుంది.

నీళ్లు కట్టి కొలవండి

పారే కాలవలో పైన ఒకచోట, కింద ఒకచోట ప్రవాహం కొలిచి తీసివేయొచ్చు, కానీ చిన్న కాలవలో కొలతలో వచ్చే తప్పే ఇంకే నీళ్లంత ఉంటుంది. అందుకే నీళ్లు కట్టి చూసే పద్ధతి నమ్మకం. దీనికి భారతీయ ప్రమాణమే ఉంది, ఐఎస్ 9452 మొదటి భాగం. ఊళ్లో చేసుకునే తీరు ఇది.

30 మీటర్ల ముక్క ఎంచుకుని రెండు చివరలా అడ్డకట్ట వేయండి. అడ్డకట్టకు లోపలివైపు ప్లాస్టిక్ పట్టా పరిచి దాని అంచు అడుగులోకి జానెడు పాతండి, లేకపోతే నీళ్లు కట్ట గుండా జారిపోయి మీ లెక్క చెడుతుంది. మామూలుగా పారే మట్టం దాకా నింపి ఒక రోజంతా అలాగే తడిగా ఉంచండి, తగ్గిన కొద్దీ మళ్లీ పోయండి. ఎండిన నేల మొదటి గంటల్లో తాగేది వేరు, తడిసి కుదురుకున్నాక వదిలేది వేరు, మనకు కావాల్సింది రెండోది. మర్నాడు పొద్దున్నే మళ్లీ నింపి, మధ్యలో పాతిన స్కేలు మీద పావుగంటకోసారి మట్టం రాయండి. పక్కనే గట్టు మీద ఒక వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పెట్టి అందులో ఎంత తగ్గిందో కూడా చూడండి, అది ఎండకు ఆవిరైన లెక్క. ఇసుకలో ఆ లెక్క పట్టించుకునేంత ఉండదు, రేగడిలో మాత్రం తప్పక తీసేయాలి.

మా ఇసుక ముక్కలో గంటకు 5 సెంటీమీటర్లు దిగింది. నీటి పైభాగం వెడల్పు 30 సెంటీమీటర్ల లోతు దగ్గర 1.4 మీటర్లు, 25 దగ్గర 1.25, సగటు 1.325. దాన్ని 0.05తో గుణిస్తే మీటరు పొడవుకు గంటకు 66 లీటర్లు. 400 మీటర్లకు గంటకు 26,500 లీటర్లు, అంటే సెకనుకు ఏడు లీటర్ల పైచిలుకు. తూములో బయల్దేరిన 50 లీటర్లలో దాదాపు ఏడో వంతు ఈ ఒక్క ముక్కలోనే పోతోంది. రోజుకు 12 గంటలు, 90 రోజులు పారిస్తే 28,600 ఘనమీటర్లు. వరికి పంట మొత్తానికి 1200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే అది ఇంచుమించు ఆరు ఎకరాల పంట.

రేగడి ముక్కలో ఇదే పరీక్ష చేస్తే ఆవిరి తీసేశాక గంటకు 2 మిల్లీమీటర్లు. అవును, మిల్లీమీటర్లే. 500 మీటర్లూ కలిపి సెకనుకు అర లీటరు కూడా లేదు. మేం మొదటిసారి డబ్బు తగలేసింది ఈ ముక్క మీదే, ఎందుకంటే నెర్రెలు విచ్చింది ఇక్కడే కాబట్టి కళ్లకు ఇదే దొంగలా కనబడింది.

మరి నెర్రెల్లో నీళ్లు పోవా అంటే, పోతాయి, మొదటి రోజు. మా రేగడి ముక్క మొత్తం నిండడానికి లెక్క ప్రకారం గంట చాలు, కానీ వేసవి తర్వాత మొదటి తడికి నీళ్లు చివరికి చేరడానికి ఐదు గంటలు పట్టింది. మిగతాదంతా నెర్రెలు తాగాయి. ఆ తర్వాత మన్ను ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, ఇక అది గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది. అంటే రేగడి జబ్బు ఇంకుడు కాదు, ఎండటం తడవటం మధ్య అది ఉబ్బి కుంచించుకునే గుణం. దానికి వేసే మందు వేరు.

మన్ను ఉబ్బుతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోండి

దాచిన పొట్లాల మన్నును బాగా ఎండబెట్టి, పొడిచేసి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టండి. కొలత గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు జాడీలు రెండు తీసుకుని ఒక్కోదాంట్లో 10 గ్రాముల పొడి వేయండి. ఒకదాంట్లో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, ఇంకోదాంట్లో కిరోసిన్ నింపి, గాజు కడ్డీతో కలిపి బుడగలు పోనిచ్చి 24 గంటలు కదపకండి. కిరోసిన్‌లో మన్ను ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెండు జాడీల్లోనూ మన్ను ఏ గీత దాకా ఉందో చూసి, ఆ తేడాను కిరోసిన్ జాడీ కొలతతో భాగించి వందతో గుణించండి.

మాది కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్లు, నీళ్లలో 21. తేడా 10, అంటే 91 శాతం. 50 లోపు వస్తే పెద్దగా భయం లేదు. 50 దాటితే దాని మీద నేరుగా కాంక్రీటు వేయొద్దు. 100 దాటితే ఇంజినీరుతో ఉబ్బు ఒత్తిడి కూడా కొలిపించకుండా ఏ లైనింగూ తలపెట్టొద్దు.

రేగడి మీద కాంక్రీటు ఎందుకు నిలవదు

మా పాత పనిలో కాంట్రాక్టరు రేగడిని చెక్కి, మెత్తగా ఉంటుందని 10 సెంటీమీటర్ల ఇసుక పరిచి, దాని మీద కాంక్రీటు పోశాడు. చూడ్డానికి చాలా బాగుంది. కానీ జాయింట్లలో దూరిన కాస్త నీళ్లు ఇసుక గుండా కాలవ పొడవునా కింద రేగడికి అందాయి, అది ఉబ్బింది, ఏడున్నర సెంటీమీటర్ల పలకకు దాన్ని అదిమిపెట్టే బరువు లేదు. పక్క పలకల్లో వాలు మధ్యన కాలవ పొడవునా ఒకే గీతలా చీలిక వచ్చింది, అడుగు పలక మధ్యలో లేచింది. మీ ఊళ్లో ఏ కాలవలోనైనా ఇలా పొడవునా చీలిక, లేచిన అడుగు కనిపిస్తే కారణం ఉబ్బే మన్నే అనుకోండి. ఇసుక నేల మీద కాంక్రీటు చెడితే తీరు వేరు, అక్కడ పలక కిందికి కుంగుతుంది, గడ్డపారతో తడితే డొల్ల శబ్దం వస్తుంది, కింద ఇసుక కొట్టుకుపోయిందని అర్థం.

ఉబ్బే మన్నుకు మనదేశంలో కనిపెట్టిన పద్ధతి ఒకటుంది. ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి పరిశోధనతో వచ్చింది, ఐఎస్ 9451లో రాసి ఉంది. రేగడికీ కాంక్రీటుకీ మధ్య, జిగురు ఉండి ఉబ్బు లేని మన్నును పొరలుగా దిమ్మిస కొట్టి వేయడం, దాన్నే ఇంజినీర్లు సీఎన్ఎస్ మన్ను అంటారు. ఇసుక దీనికి పనికిరాదు, దానికి జిగురు లేదు, నీళ్లను ఆపదు. మన వైపు బంక కాస్త ఉన్న ఎర్రమన్ను చాలాచోట్ల సరిపోతుంది, కానీ దాన్ని కూడా జాడీ పరీక్ష చేసి, వీలైతే ల్యాబ్‌కు పంపాకే వాడాలి. చిన్న కాలవలకు ఈ పొర 30 నుంచి 60 సెంటీమీటర్లు, పెద్ద కాలవలకు ముప్పావు మీటరు నుంచి మీటరు దాకా ఉంటుంది, ఉబ్బు ఒత్తిడిని బట్టి.

ఇప్పుడు లెక్క చూడండి. మా 500 మీటర్లకు 40 సెంటీమీటర్ల పొర అంటే సుమారు 450 ఘనమీటర్ల ఎర్రమన్ను, మూడు ఘనమీటర్లు పట్టే ట్రాక్టరు ట్రాలీలు 150. ఇదంతా సెకనుకు అర లీటరు లోపు నీళ్ల కోసం. పెద్ద ప్రాజెక్టు కాలవకైతే తప్పదు, పంట కాలవకు దండగ. మేం రేగడి ముక్కను మట్టి కాలవగానే ఉంచేశాం. ఏటా చేసేది ఇంతే: నీళ్లు వదలడానికి వారం ముందు అడుగునూ పక్కలనూ జానెడు లోతు తిరగదవ్వి, పైన పది సెంటీమీటర్ల ఎర్రమన్ను కలిపి, తేమ మీద దిమ్మిస కొడతాం. మొదటి తడిని సగం తూముతో రాత్రంతా మెల్లగా వదిలి, పొద్దున ఆపి, నేల ఉబ్బి నెర్రెలు పూడుకునేందుకు ఒక రోజు ఆగి, అప్పుడు పూర్తిగా తెరుస్తాం.

ఇసుక ముక్కకు ఏం వేయాలి

ఇక డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. నాలుగు దారులు చూశాం.

పైపు వేద్దామని మొదట అందరూ అన్నారు. ట్యూబ్ లెవెల్‌తో చూస్తే 400 మీటర్లకు కాలవ వాలు 15 సెంటీమీటర్లే. సెకనుకు 50 లీటర్లు 250 ఎం.ఎం. పీవీసీ పైపులో పోవాలంటే ఆ దూరానికి మీటరుకు పైగా ఎత్తు తేడా కావాలి. అంటే నీళ్లు తనంతట తాను పోవు, మోటారు పెట్టాలి. వాలు బాగా ఉన్న కుప్పం, పలమనేరు వైపు మెట్ట నేలల్లో పైపు మంచి ఆలోచన కావచ్చు, ఏటి పక్క చదును నేలలో కాదు.

చెరువు ఒండ్రు, బంకమన్ను కలిపి 30 సెంటీమీటర్ల మందాన దిమ్మిస కొట్టడం అన్నిటికన్నా చవక, ఇంకుడు బాగానే తగ్గుతుంది. కానీ పశువులు దిగే చోట గిట్టలకు చెదిరిపోతుంది, ఏటా మరమ్మతు కావాలి. ఇందులో రేగడి ఒక్కటే వాడొద్దు, ఎండితే మళ్లీ నెర్రెలే.

పట్టా పరిచి పైన 30 సెంటీమీటర్ల మన్ను కప్పడం కూడా బాగా పనిచేస్తుంది, అయితే పట్టా మీద మన్ను జారుతుంది కాబట్టి వాలు ఇంకా పడుకోబెట్టాలి, కాలవ వెడల్పు పెరుగుతుంది. పక్క రైతులు స్థలం ఇస్తేనే కుదిరే పని.

చివరికి మేం ఎంచుకున్నది కింద 250 మైక్రాన్ల పాలిథిన్ పట్టా, పైన ఏడున్నర సెంటీమీటర్ల కాంక్రీటు. నీళ్లను ఆపేది పట్టా, దాన్ని ఎండ నుంచి, గిట్టల నుంచి కాపాడేది కాంక్రీటు. కాంక్రీటు ఎలాగూ సన్నగా చీలుతుంది, పట్టా ఉంటే ఆ చీలికలతో టెన్షన్ లేదు.

మడవల మట్టం మరచిపోవద్దు

ఇది చాలామంది పని అయిపోయాక చూసుకుని బాధపడే విషయం. గరుకు మట్టి కాలవలో 30 సెంటీమీటర్ల లోతున పారిన నీళ్లే నున్నటి కాంక్రీటులో వేగంగా పోయి 20 సెంటీమీటర్లకు పడిపోతాయి. మడవలు పాత మట్టానికి ఉన్నాయి, నీళ్లు వాటికి పది సెంటీమీటర్ల కింద పారుతుంటాయి. అందుకని పాత అడుగును తవ్వకుండా దాని మీదే పోయండి, అడుగు వెడల్పు అర మీటరు నుంచి 30 సెంటీమీటర్లకు తగ్గించండి. మాకు లోతు 24 సెంటీమీటర్లు వచ్చింది, దానికి కాంక్రీటు మందం ఏడున్నర కలిపితే నీటి మట్టం పాత చోటికే వచ్చింది. సన్నబడిన తేడాకు పక్కల జల్లెడ పట్టిన ఎర్రమన్ను నాలుగు సెంటీమీటర్ల మందాన కొట్టాం, పట్టాకు అది పరుపులా కూడా పనికొచ్చింది.

పక్క బావి వాళ్లతో ముందే మాట్లాడండి

ఇసుకలో ఇంకిన నీళ్లు ఎక్కడికీ మాయమైపోవు, కొంత పక్క బావుల్లోకే చేరతాయి. మా కాలవ పక్కనే ఒక అక్క బావి ఉంది, రెండెకరాల వేరుశనగ దాని మీదే. ఆమె సూటిగా అడిగింది: "మీ చివరి మళ్లకు నీళ్లు రావాలని నా బావి ఎండబెడతారా?" న్యాయమైన మాట. ఆమె బావి ఎదురుగా 40 మీటర్లు లైనింగ్ లేకుండా వదిలేశాం. గంటకు 2,650 లీటర్లు అక్కడ ఇంకుతాయని తెలిసే వదిలాం. పెద్ద కాలవల మీద కూడా ఈ తగాదా ఉన్నదే. 1983 తెలుగుగంగ ఒప్పందంలో చెన్నైకి అనుకున్న 15 టీఎంసీల్లో 3 టీఎంసీలు దారి నష్టాలకే లెక్కేశారు, ఆ కాలవ మన శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు నుంచే పోతుంది.

వేసేటప్పుడు

మిగిలిన 360 మీటర్లకు 43 ఘనమీటర్ల కాంక్రీటు, 1:2:4 పాళ్లలో సుమారు 270 బస్తాల సిమెంటు, 20 ఎం.ఎం. కంకర, 2.3 మీటర్ల వెడల్పు పట్టా పట్టింది. నీటి మట్టం పైన 12 సెంటీమీటర్ల అంచు వదిలాం. వానలు ఈశాన్య రుతుపవనాలవి కాబట్టి పని జూన్ లోపల ముగించండి, అక్టోబరు దాటితే ఏటి పక్క ఇసుకలో ఊట పైకొచ్చి గుంత నిలవదు.

ఇసుక అడుగును నీళ్లతో బాగా తడిపి దిమ్మిస కొట్టండి, ముళ్లు, రాళ్లు, వేర్లు ఒక్కటీ వదలకుండా ఏరేయండి. పట్టా బిగించి పరవొద్దు, కాస్త వదులుగా ఉండాలి, అంచులు రెండు గట్ల మీదా జానెడు పైగా గాడి తీసి పాతాలి. రెండు ముక్కలు కలిసే చోట పై ముక్క కింది ముక్క మీద పడేలా, అంటే నీరు వచ్చే వైపుది పైన ఉండేలా వేసి, వేడితో అతికించాలి. పట్టా మీద చెప్పులతో నడవనివ్వొద్దు. మా మేస్త్రీ తాపీ జారి ఒకచోట బెత్తెడు చీలింది, అక్కడే ఆపి ముక్క వేసి అతికించాకే పోయనిచ్చాం.

కాంక్రీటు మూడు మీటర్లకో పలకగా, ఒకటి విడిచి ఒకటి పోయండి. 14 రోజులు తడి గోనెలు కప్పి క్యూరింగ్ చేయాలి, మే నెల ఎండలో రోజుకు నాలుగైదు సార్లు తడపాల్సి వస్తుంది. లైనింగ్ మొదలయ్యే చోట, ఆగే చోట అర మీటరు లోతు అడ్డగోడ తప్పనిసరి, లేకపోతే నీళ్లు కిందికి దూరి పలక అడుగున ఇసుకను తోడేస్తాయి. మాకు బావి దగ్గర విరామం ఉంది కాబట్టి నాలుగు అడ్డగోడలు వచ్చాయి.

వరద వచ్చి ఊట కాలవ అడుగు కన్నా పైకి లేచినప్పుడు కాలవ ఖాళీగా ఉంచొద్దు, కింది నీళ్లు పట్టాను, పలకను కలిపి ఎత్తేస్తాయి. ఆ రోజుల్లో లోపల కొన్ని నీళ్లు నిలిపే ఉంచండి.

అయ్యాక మళ్లీ కొలవండి

అదే 30 మీటర్లలో అదే పరీక్ష. మాకు గంటకు 5 సెంటీమీటర్లు దిగిన చోట ఇప్పుడు 2 మిల్లీమీటర్లు. మీకు సెంటీమీటరు దాకా దిగుతుంటే ఎక్కడో పట్టా చిరిగింది. ఆ ముక్కను మధ్యలో అడ్డకట్టతో రెండు చేసి, ఏ సగంలో మట్టం ఎక్కువ దిగుతోందో చూడండి, ఆ సగాన్ని మళ్లీ రెండు చేయండి. మూడు నాలుగు సార్లకు చిరుగు ఏ పలక కింద ఉందో తేలిపోతుంది, ఆ ఒక్క పలక పగలగొట్టి పట్టా అతికిస్తే సరి.